శాతాలు కలిపితే 100.6 వచ్చింది, తప్పు ఎక్కడుంది?

హైదరాబాద్‌లో డిగ్రీ చదివే ఒక అమ్మాయి పోయిన వారం మెసేజ్ పెట్టింది. క్లాసంతా కలిసి నాలుగు బస్తీల్లో ఇల్లిల్లూ తిరిగి జనాభా సర్వే చేశారట. వయసుల వారీగా పట్టిక వేశారు. శాతాలన్నీ కూడితే 100.6 వస్తోంది. "రౌండ్ చేయడం వల్ల వచ్చిన తేడానే, 28.4 ని 27.8 చేసేస్తే సరిపోతుందని మావాళ్లు అంటున్నారు, చేయొచ్చా సార్?" అని అడిగింది.

వద్దమ్మా, దాన్ని ముట్టుకోవద్దు అని వెంటనే రాశాను. ఎందుకంటే అది రౌండ్ చేయడం వల్ల వచ్చిన తేడా కానే కాదు, కావడానికి వీల్లేదు. దశాంశ బిందువు తర్వాత ఒక్క అంకె ఉంచి రౌండ్ చేస్తే ఒక్కో వరుసలో ఎంత తప్పినా 0.05 మించి తప్పదు. తన పట్టికలో ఐదు వరుసలున్నాయి. ఐదూ ఒకే వైపుకి పూర్తిగా తప్పినా 0.25 దాటదు. 100.6 అంటే ఆ గీత దాటి చాలా దూరం వచ్చేసింది. అంటే తప్పు శాతాల్లో లేదు, వాటి వెనకున్న మనుషుల లెక్కలోనే ఉంది.

తను పంపిన పట్టిక ఇది.

0–14: 1,046
15–29: 1,372
30–44: 1,185
45–59: 742
60, ఆపైన: 512
మొత్తం జనాభా: 4,831

కూడి చూడండి, 4,857 వస్తుంది. 26 మంది ఎక్కువ. శాతాలు కొంచెం అటూఇటూ అయితే పర్వాలేదు కానీ మనుషుల లెక్కలో ఒక్కరు తేడా వచ్చినా తప్పే, ఎందుకంటే అక్కడ రౌండ్ చేయడమనేదే లేదు. ఎక్సెల్‌లో అయితే ఈ చిన్న ఫార్ములా చాలు, జవాబు సున్నా రావాలి:

```
=SUM(B2:B6)-B7
```

ఈ 26 ని ఎంతసేపు చూసినా నాకేమీ తోచలేదు. అప్పుడు సర్వే ఫారాల్లో వయసు రాయనివాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. ఉన్నారు, 19 మంది. ఇల్లు తాళం వేసి ఉంటే పక్కింటివాళ్లని అడిగి పేర్లు రాసుకున్నారు, వయసులు వాళ్లకీ తెలియవు. ఆ 19 మంది మొత్తం 4,831 లో ఉన్నారు కానీ ఏ వయసు వరుసలోనూ లేరు. ఇది పిల్లల సర్వేలోనే జరిగే పని అనుకోకండి. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వయసు నమోదు కానివాళ్లు దాదాపు 45 లక్షల మంది, వాళ్లకి పట్టికలో ప్రత్యేకంగా ఒక వరుస ఉంటుంది. ఆ వరుసని వదిలేసి మిగతావి కూడి, సర్కారు లెక్క తప్పు అని గొడవ చేసేవాళ్లని చూశాను నేను.

సరే, 19 ని ఆరో వరుసగా చేర్చాం. ఇప్పుడు కూడితే 4,876. తేడా 26 నుంచి 45 కి పెరిగింది! ఆ అమ్మాయికి టెన్షన్, నాకు మాత్రం సంతోషం. 45 ని 9 తో భాగిస్తే సరిగ్గా 5. నాకు కావాల్సిన ఆచూకీ దొరికేసింది.

పక్కపక్కనున్న రెండు అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9 తో శేషం లేకుండా భాగారమవుతుంది. కారణం చాలా తేలిక. 27 ని 72 అని రాశామనుకోండి. ఒకట్ల స్థానంలో ఉన్న 7 పదుల స్థానంలోకి జరిగి 70 అయింది, అంటే 63 పెరిగింది, అది ఏడు తొమ్మిదులు. పదుల్లో ఉన్న 2 ఒకట్లలోకి దిగింది, 20 కాస్తా 2 అయింది, 18 తగ్గింది, అది రెండు తొమ్మిదులు. ఏడు తొమ్మిదుల్లోంచి రెండు తొమ్మిదులు తీస్తే ఐదు తొమ్మిదులు, 45. అంటే ఆ 5 ఊరికే రాలేదు, తారుమారైన రెండు అంకెల మధ్య తేడా అది. ఇక వెతకాల్సింది పదుల అంకె ఒకట్ల అంకె కంటే సరిగ్గా 5 ఎక్కువున్న వరుస కోసమే. 1,046 లో 4, 6, కాదు. 1,185 లో తేడా 3. 742 లో 2. 512 లోనూ 19 లోనూ ఒకట్ల అంకే పెద్దది. మిగిలింది 1,372 ఒక్కటే. ఫారాలు తీసి మళ్లీ లెక్కపెట్టమన్నాను. 1,327 మంది! ఎక్కించేటప్పుడు వేలు తడబడింది, అంతే. ఒకవేళ తేడా 450 అయ్యుంటే వందలు, పదుల స్థానాల్లో వెతికేవాళ్లం.

బళ్లో తొమ్మిదో ఎక్కం బట్టీ పట్టిస్తారు, అంకెల మొత్తం చూసి 9 తో భాగారమవుతుందో లేదో చెప్పమంటారు, ఇదంతా దేనికో మాత్రం చెప్పరు, నాకు అదే బాధ. ఖైరతాబాద్ ఆర్టీయే ఆఫీసులో 9999 నంబరు కోసం లక్షలు పోసి పాడుకుంటారు, తొమ్మిది కలిసొస్తుందని. తొమ్మిదికి ఏ మహత్యమూ లేదు. మనం పదుల్లో లెక్కపెడతాం కాబట్టి పదికి ఒకటి తక్కువైన అంకెకి ఈ గుణం వచ్చింది. ఎనిమిదుల్లో లెక్కపెట్టే వాళ్లుంటే ఈ పని ఏడు చేసేది.

కానీ 9 తో భాగారమైన ప్రతి తేడా తారుమారు వల్ల వచ్చిందే అనుకోకూడదు. అడ్డదిడ్డంగా వచ్చే తేడాల్లో కూడా తొమ్మిదింట ఒకటి భాగారమవుతుంది కదా. మన ఊరి లెక్కే చూడండి. 2011 లో హైదరాబాద్ జిల్లా జనాభా తాత్కాలిక లెక్క 40,10,238. తుది లెక్క 39,43,323. మొత్తం ఒక దాంట్లోంచి, వయసుల వారీ వివరాలు ఇంకో దాంట్లోంచి ఎక్కిస్తే 66,915 తేడా వస్తుంది. దాని అంకెలు కూడితే 27, కాబట్టి 9 తో భాగారమే! భాగఫలం 7,435. పక్కపక్క అంకెలు మారి ఉంటే భాగఫలం 5, 50, 500 లాగా ఒక్క అంకె, దాని వెనక సున్నాలు మాత్రమే ఉండాలి. 7,435 అలా లేదు, కాబట్టి ఇక్కడ వెతకాల్సింది వేలు తడబాటు కోసం కాదు, రెండు లెక్కలు కలిసిపోయాయేమో అని.

ఇంకో చిక్కు ఉంది. ఒక వరుసలో 45 పెరిగి ఇంకో వరుసలో 45 తగ్గితే మొత్తం చక్కగా సరిపోతుంది, తప్పు దాక్కుంటుంది. అందుకే మగవాళ్లు, ఆడవాళ్లు విడివిడిగా ఉంటే ప్రతి వరుసని అడ్డంగా కూడా కూడి చూడాలి. నిలువుగా దాక్కున్న తప్పు చాలాసార్లు అడ్డంగా కూడినప్పుడు బయటపడుతుంది.

ఇక శాతాలు. సరిచేసిన లెక్కతో 21.7, 27.5, 24.5, 15.4, 10.6, 0.4 వచ్చాయి. మొత్తం 100.1. ఇప్పుడు ఆరు వరుసలు కాబట్టి హద్దు 0.3, మనం లోపలే ఉన్నాం. ఆ అమ్మాయి మళ్లీ అడిగింది, వంద కాకపోతే మా సార్ ఒప్పుకోరేమో అని. 1967 లో మోస్టెల్లర్, యూట్జ్, జాన్ అనే ముగ్గురు ఈ విషయం మీదే పరిశోధనా పత్రం రాశారు. మూడు వరుసలుంటే రౌండ్ చేసిన శాతాల మొత్తం సరిగ్గా వంద కావడానికి నాలుగింట మూడు వంతుల అవకాశం, నాలుగు వరుసలుంటే మూడింట రెండు వంతులు. వరుసలు పెరిగేకొద్దీ అది తగ్గుతూ పోతుంది. ఐదేళ్లకొక వరుసగా 0–4 నుంచి 80 పైన వరకు పదిహేడు వరుసలున్న పట్టికైతే సుమారు మూడింట ఒక వంతే. అంత పెద్ద పట్టికలు ఒకరి నుంచే వరసగా పది వచ్చి, అన్నీ సరిగ్గా 100.0 చూపిస్తే ఎవరో శాతాలు సర్దారేమోనని నాకు అనుమానం వస్తుంది.

10.6 ని 10.5 చేయలేదు తను. పట్టిక కింద "రౌండ్ చేయడం వల్ల శాతాల మొత్తం సరిగ్గా 100 కాలేదు" అని రాసి, 19 మంది వరుసకి "వయసు తెలియనివారు" అని పేరు పెట్టి, నిన్న సాయంత్రం ప్రాజెక్టు ఇచ్చేసింది.