టెస్ట్ ప్లాన్: మిర్చి యార్డు యాప్‌తో తేలిన అపోహలు – వాస్తవాలు

మిర్చి సీజన్ మొదలయ్యేలోపు యాప్ చేతికి రావాలన్నది సేటు పెట్టిన షరతు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణం ఆయనది. లాట్ ఎంట్రీ నుంచి రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీ, అంటే తక్‌పట్టీ దాకా గుమాస్తాలు ఫోన్‌లోనే చేసుకునే కొత్త అప్లికేషన్ కావాలన్నారు. మాది హనుమకొండలో చిన్న కంపెనీ, టెస్టర్లం ఇద్దరమే. ప్లాన్ రాసేటప్పుడు మావాళ్ల దగ్గరా, సేటు దగ్గరా విన్న మాటలే ఇక్కడి అపోహలు.

అపోహ: స్కోప్ అంటే ఏమేం టెస్ట్ చేస్తామో చెప్పే జాబితా.

అది సగమే. ఏది టెస్ట్ చేయమో రాయడం మిగతా సగం. 1998 నాటి ఐఈఈఈ 829 ప్రమాణంలో టెస్ట్ ప్లాన్‌కు 16 భాగాలుంటే, అందులో ఒకటి అచ్చంగా ‘టెస్ట్ చేయని ఫీచర్ల’ కోసమే పెట్టారు. మేం మూడు రాశాం: ఐఫోన్ (దుకాణంలో ఎవరికీ లేదు), బ్యాంకు చెల్లింపులు (ఈ విడతలో లేవు), కాంటా నుంచి బరువు నేరుగా యాప్‌లోకి రావడం (గుమాస్తా చేత్తోనే కొడతాడు).

మూడోది చదవగానే సేటు ఆగారు. “అదేంది, కాంటా మీద బస్తా పెడితే బరువు దానంతటదే రాదా?” అని అడిగారు. ఆయన మొదటి రోజు నుంచీ వస్తుందనే అనుకుంటున్నారు. టెస్ట్ చేసే జాబితా ఎంత పొడవుగా ఇచ్చినా ఈ ప్రశ్న వచ్చేది కాదు. ఆ రోజే మాట్లాడుకుని కాంటా సంగతి తర్వాతి విడతకు పెట్టుకున్నాం.

అపోహ: ఎన్ని టెస్ట్ రకాలు రాస్తే ప్లాన్ అంత గట్టిది.

పాత ప్లాన్ కాపీ కొట్టి లోడ్, స్ట్రెస్, సెక్యూరిటీ, లోకలైజేషన్ అని పేర్చేసిన ప్లాన్లు చాలా చూశాను. చేసే మనుషులు ఇద్దరే అయినప్పుడు అవన్నీ కాగితం మీదే ఉంటాయి. ఇక్కడ యాప్ వాడేది నలుగురు గుమాస్తాలు. అందుకని లోడ్ టెస్ట్ తీసేసి, ఎందుకు తీసేశామో ఒక వాక్యం రాశాం. సేవ్ నొక్కిన క్షణాన నెట్ పోతే లాట్ రెండుసార్లు పడుతుందా అన్న పరీక్షను మాత్రం గట్టిగా పట్టుకున్నాం. యార్డులో నెట్ పోవడం రోజూ ఉండేదే.

ఎక్కువ సమయం పోసింది లెక్కల మీద. ఒక లాట్ చూడండి: 487.5 కిలోలు, క్వింటా ధర 14,250 రూపాయలు. మొత్తం 69,468.75. కమీషన్ 2 శాతం అనుకుంటే 1,389.375. తక్‌పట్టీలో పైసలు రాయరు కాబట్టి యాప్ 1,389 అని ముద్రించింది. అదే బరువు, అదే ధరతో మూడు లాట్లు పెడితే తక్‌పట్టీల్లోని కమీషన్ మొత్తం 4,167 రావాలి. సాయంత్రం ఖాతా రిపోర్టు 4,168 చూపించింది. తక్‌పట్టీ ఒక్కో లాటును రూపాయికి సర్దుతోంది. రిపోర్టు మాత్రం పైసలతో కూడి చివర్లో ఒకేసారి సర్దుతోంది. విడివిడిగా చూస్తే రెండు స్క్రీన్లూ సరైనవే, అందుకే యూనిట్ టెస్టులన్నీ పాసయ్యాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే సిస్టమ్ టెస్ట్‌లోనే ఇది దొరికింది. రూపాయేగా అనుకోవచ్చు గానీ, రోజుకు వందల లాట్లు పడితే రాత్రి గల్లా లెక్క కుదరదు. తక్‌పట్టీ మీద పడ్డ అంకే ఖాయం, రిపోర్టు వాటినే కూడాలి అని సేటు తేల్చారు.

అపోహ: ఎన్విరాన్‌మెంట్ అంటే టెస్ట్ సర్వర్ అడ్రస్.

మా ప్లాన్‌లోనూ మొదట అదొక్కటే ఉంది. తర్వాత గుమాస్తా వాడే 2 జీబీ ర్యామ్ ఫోనూ, 58 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటరూ టేబుల్ మీదికి తెప్పించాం. మామూలు థర్మల్ ప్రింటర్లలో తెలుగు అక్షరాలు ఉండవు. తెలుగును బొమ్మగా మార్చి పంపితేనే పడుతుంది. మా యాప్ బొమ్మగానే పంపింది, కానీ 80 మిల్లీమీటర్ల ప్రింటర్‌కు సరిపోయే 576 చుక్కల వెడల్పుతో పంపింది. 58 ప్రింటర్ కొట్టేది 384 చుక్కలే. రైతు పేరు వచ్చింది, కుడి అంచున ఉండే సొమ్ము అంకెలు తెగిపోయాయి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పీడీఎఫ్ చూసిన మాకెవరికీ ఇది కనపడలేదు.

ఎన్విరాన్‌మెంట్ కిందే టెస్ట్ డేటా కూడా రాయాలి. అంతకు ముందు ఒక ప్రాజెక్టులో క్లయింటు పాత ఎక్సెల్‌ను ఉన్నదున్నట్టు ఎక్కించాం. ఎస్ఎంఎస్ ఆపడం మరచిపోయాం. నేను ‘చెల్లించబడింది’ నొక్కగానే నిజమైన రైతులకు మెసేజ్‌లు వెళ్లాయి. మర్నాడు పొద్దున్నే పదిహేను మంది ఆ దుకాణం ముందు నిలబడ్డారు. అప్పటి నుంచి నా ప్రతి ప్లాన్‌లో రెండు వాక్యాలు ఉంటాయి: ఫోన్ నంబర్లన్నీ మా టీమువే, టెస్ట్ సర్వర్ నుంచి ఎస్ఎంఎస్ బయటికి పోదు.

అపోహ: ఎంట్రీ క్రైటీరియా టెస్టర్ల సాకు.

డెవలపర్లకు అలాగే అనిపిస్తుంది. టెస్టింగ్ మొదలుపెట్టాలంటే ముందు ఉండాల్సినవని మేం రాసినవి తక్కువే: బిల్డ్ టెస్ట్ సర్వర్ మీద ఉండాలి, లాగిన్ అయి ఒక లాట్ ఎక్కించి ఒక తక్‌పట్టీ ముద్రించగలగాలి, రూపాయి సర్దే నియమం కాగితం మీద ఉండాలి, ప్రింటర్ మా దగ్గరుండాలి. ఈ స్మోక్ టెస్ట్‌కు ఇరవై నిమిషాలు చాలు. మొదటి బిల్డ్‌లో లాట్ సేవ్ కాలేదు, అరగంటలోపే వెనక్కి పంపాం. ఈ గీత లేకపోతే రెండు రోజులు దానిమీదే కూర్చుని నలభై బగ్గులు రాసేవాళ్లం, అన్నింటికీ మూలం ఒకటే.

అపోహ: 95 శాతం పాసైతే, లేదా బగ్గులు సున్నా అయితే రిలీజ్ చేయొచ్చు.

రెండూ పనికిరావు. సున్నా అని రాస్తే ఆ రోజు ఎప్పటికీ రాదు. చివరికి బగ్గు పేరు మార్చి ‘సలహా’ అని మూసేస్తారు. శాతం సంగతి చూడండి: 200 కేసుల్లో 192 పాసయ్యాయి, అంటే 96 శాతం. పోయిన ఎనిమిదిలో ఐదింటిది రంగులు, వరుసల గొడవ. మిగతా మూడూ ఒకటే చోట ఉన్నాయి: బరువు సవరించాక తక్‌పట్టీ మళ్లీ ముద్రిస్తే పాత సొమ్మే వస్తోంది. ఆ 96 శాతంతో వెళ్లి ఉంటే మొదటి రోజే రైతు చేతిలో తప్పుడు కాగితం ఉండేది.

అందుకే శాతం వదిలేశాం. అనుకున్న కేసులన్నీ నడపాలి. తక్‌పట్టీ, ఖాతా కేసులు ఒక్కటి కూడా ఫెయిల్ కాకూడదు. పని ఆపేసే బగ్గు, సొమ్ము తప్పే బగ్గు తెరిచి ఉండకూడదు. మిగతావి ఉండొచ్చు గానీ, ఒక్కోదానికి అప్పటిదాకా ఏం చేయాలో రాసి, కింద సేటు సంతకం ఉండాలి. చివరగా మూడు మార్కెట్ రోజులు గుమాస్తా పుస్తకంలోనూ యాప్‌లోనూ రెండు చోట్లా రాయాలి, రాత్రికి మొత్తాలు కలవాలి.

మొదటి రోజు కలిసింది. రెండో రోజు ఒక బస్తా, 40 కిలోలు తేడా. గంటన్నర వెతికితే తప్పు పుస్తకానిదని తేలింది, హడావుడిలో గుమాస్తా ఒక బస్తా రాయలేదు. ఆ రోజును కలిసినట్టే లెక్కేయాలా, మళ్లీ మొదలుపెట్టాలా అని మేం వాదించుకున్నాం, ఎందుకంటే ప్లాన్‌లో ఆ మాటే లేదు. కారణం దొరికింది కాబట్టి లెక్కలోకి తీసుకున్నాం. తర్వాత ప్లాన్‌లో ఒక వాక్యం చేర్చాను: తేడా వస్తే కారణం దొరికేదాకా ఆ రోజు లెక్కలోకి రాదు.