యుద్ధం కోసం వేసిన పన్ను యుద్ధం అయ్యాక ఎందుకు పోలేదు?

ఈ రోజు పాఠం ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. 1799లో లండన్‌లో ఏడాదికి 60 పౌండ్లు సంపాదించే మనిషిని తీసుకోండి. కొత్తగా వచ్చిన ఆదాయపు పన్ను ప్రకారం పౌండుకు 2 పెన్నీల చొప్పున 120 పెన్నీలు, అప్పట్లో పౌండుకు 240 పెన్నీలు కాబట్టి అర పౌండు కట్టాలి. 60 కంటే తక్కువ సంపాదిస్తే ఏమీ కట్టక్కర్లేదు. ఆదాయం పెరిగే కొద్దీ రేటు పెరుగుతుంది. 200 పౌండ్ల దగ్గర అది పదో వంతు అవుతుంది, అంటే 20 పౌండ్లు.

ఈ పన్ను వేసింది ప్రధాని విలియం పిట్. ఫ్రాన్స్‌తో యుద్ధం 1793 నుంచీ నడుస్తోంది. అప్పులు పెరిగిపోయాయి. 1797లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన నోట్లకు బంగారం ఇవ్వడం ఆపేయాల్సి వచ్చింది. అంతకుముందు ఇళ్ల కిటికీలు, గుర్రపు బండ్లు, నౌకర్ల సంఖ్య చూసి ధనవంతుడెవరో అంచనా వేసి పన్ను వేసేవాళ్లు. ఆ పన్నును కొన్ని రెట్లు పెంచి చూశారు, అనుకున్నంత రాలేదు. అందుకే పిట్ నేరుగా ఆదాయం మీదికే వచ్చాడు. జనంతో మాత్రం ఇది యుద్ధం ఉన్నంత కాలమే అని చెప్పాడు.

ఆ మాట నిలబడింది కూడా. 1802లో ఫ్రాన్స్‌తో సంధి కుదరగానే పన్ను రద్దయింది. మరుసటి ఏడాదే యుద్ధం మళ్లీ మొదలవడంతో కొత్త ప్రధాని అడింగ్టన్ దాన్ని తిరిగి తెచ్చాడు. ఈ 1803 చట్టం దగ్గర కాసేపు ఆగాలి. నా ఉద్దేశంలో ఈ కథలో అసలు మలుపు ఇదే.

పిట్ పద్ధతిలో మనిషి తన ఆదాయం మొత్తం ఎంతో తానే ప్రకటించాలి. 10 మిలియన్ పౌండ్లు వస్తాయనుకుంటే 6 మిలియన్ల పైచిలుకు మాత్రమే వచ్చాయి. అడింగ్టన్ ఆదాయాన్ని A నుంచి E వరకు ఐదు షెడ్యూళ్లుగా విడగొట్టాడు. భూమి, ఇళ్ల అద్దె ఒకదాంట్లో, సాగు ఒకదాంట్లో, ప్రభుత్వ బాండ్ల వడ్డీ ఒకదాంట్లో, వ్యాపారాలు, వృత్తులు ఒకదాంట్లో, ఉద్యోగాలు, పింఛన్లు ఇంకోదాంట్లో. వీలైన చోటల్లా డబ్బు సొంతదారు చేతికి చేరకముందే పన్ను పట్టుకోవాలన్నాడు.

అద్దె సంగతే చూద్దాం. ఒక కౌలుదారు ఏడాదికి 100 పౌండ్లు కట్టాలి. పన్ను రేటు 5 శాతం. అతను 5 పౌండ్లు పన్ను వసూలుదారుకు కట్టేసి, ఆ మేరకు కౌలులో తగ్గించుకుని భూస్వామికి 95 ఇస్తాడు. పన్ను పడేది భూస్వామి మీద, కట్టేది కౌలుదారు. అతని జేబులోంచి ఏమీ పోదు కాబట్టి దాచాల్సిన అవసరం అతనికి లేదు. దాచాలన్నా భూస్వామికి దారి లేదు. రేటు పిట్ నాటి పది శాతంలో సగమే అయినా వసూలు సగానికి పడిపోలేదు, పాతదానికి దగ్గరగానే వచ్చింది. మీ ఇంట్లో జీతం తీసుకునేవాళ్ల పే స్లిప్‌లో కనిపించే టీడీఎస్ వెనక ఉన్న ఆలోచన ఇదే.

ఇందులో లోపం కూడా అప్పుడే బయటపడింది. వ్యాపారికి చెల్లించేది ఒక్కరు కాదు, వందల మంది కొనుగోలుదారులు. మధ్యలో కోసి పట్టుకునేవాళ్లు ఎవరూ ఉండరు. కాబట్టి అతని లెక్క అతను చెప్పినదే. మూలంలోనే పన్ను కోసే చోట వసూలు గట్టిగా ఉండటం, సొంత ప్రకటన మీద ఆధారపడే చోట కారిపోవడం అప్పటి నుంచి ఇప్పటిదాకా చూస్తూనే ఉన్నాం.

1815లో వాటర్లూ దగ్గర ఫ్రాన్స్ చక్రవర్తి నెపోలియన్ ఓటమితో యుద్ధం ముగిసింది. ప్రభుత్వం సగం రేటుతో పన్ను కొనసాగిద్దామనుకుంది. దేశం నలుమూలల నుంచి వ్యతిరేకంగా అర్జీలు వచ్చిపడ్డాయి. 1816 మార్చి 18న కామన్స్ సభలో 201కి 238 ఓట్లతో ప్రభుత్వం ఓడిపోయింది. తమ ఆదాయం వివరాలు సర్కారు దగ్గర ఉండటం జనానికి ఎంత కష్టంగా ఉండేదంటే, ఆ రికార్డులన్నీ నాశనం చేయాలని పార్లమెంటు ఆదేశించింది. వేరే కార్యాలయంలో ఉన్న నకళ్లు మిగిలిపోయాయి కాబట్టి చరిత్రకారులకు ఇప్పుడవి పనికొస్తున్నాయి.

అంటే యుద్ధం అయిపోయాక పన్ను నిజంగానే పోయింది. ఇది చాలామంది మర్చిపోతారు. దాన్ని శాశ్వతం చేసింది నెపోలియన్ యుద్ధం కాదు.

1816 తర్వాత ఖజానా ప్రధానంగా పంచదార, టీ, సబ్బు వంటి వాటి మీద సుంకాలతో నడిచింది. రోజు కూలీ కొన్న చెంచాడు పంచదార మీదా పన్నే. 1840 నాటికి బడ్జెట్ ఏటా లోటులో పడుతోంది. 1842లో ప్రధాని రాబర్ట్ పీల్ శాంతి కాలంలోనే ఆదాయపు పన్ను తెచ్చాడు. 150 పౌండ్లు దాటినవారికి పౌండుకు 7 పెన్నీలు, అంటే సుమారు 3 శాతం. గడువు మూడేళ్లు. ఆ డబ్బు ధైర్యంతో దాదాపు 750 వస్తువుల మీద దిగుమతి సుంకాలు తగ్గించాడు.

మెలిక ఇక్కడుంది. మూడేళ్ల తర్వాత ఆదాయపు పన్ను తీసేయాలంటే, తగ్గించిన సుంకాలు మళ్లీ వేయాలి. అది ఎవరికీ ఇష్టం లేదు. 1845లో పన్నును పొడిగించి, ఇంకొన్ని సుంకాలు ఎత్తేశారు. సుంకం ఎత్తేసిన ప్రతిసారీ వెనక్కి వెళ్లే దారి ఇంకాస్త మూసుకుపోయింది.

1853లో ఆర్థిక మంత్రి గ్లాడ్‌స్టన్ దీన్ని పద్ధతిగా ముగించాలనుకున్నాడు. రెండేళ్లు 7 పెన్నీలు, రెండేళ్లు 6, మూడేళ్లు 5, ఆ తర్వాత 1860 ఏప్రిల్ 5తో సరి. మరుసటి ఏడాదే క్రిమియా యుద్ధం వచ్చింది. రేటు 14 పెన్నీలైంది, తర్వాత 16. 1860 వచ్చేసరికి అదే గ్లాడ్‌స్టన్ పన్నును రద్దు చేయడానికి బదులు 10 పెన్నీలకు పెంచాడు. ఆ ఏడాది సంస్కరణల తర్వాత దిగుమతి సుంకం ఉన్న వస్తువులు 48 మాత్రమే మిగిలాయి. 1874 ఎన్నికల్లో ఆదాయపు పన్ను రద్దు చేస్తానని ఆయన మళ్లీ మాట ఇచ్చాడు, ఓడిపోయాడు. ఆ మాటతో ఎన్నికలకు వెళ్లిన పెద్ద పార్టీ ఆ తర్వాత అక్కడ కనబడదు.

సరిగ్గా ఆ 1860లోనే ఈ పన్ను మన దగ్గరికి వచ్చింది. 1857 తిరుగుబాటును అణచడానికి అయిన ఖర్చు పూడ్చుకోవడానికి జేమ్స్ విల్సన్‌ను వైస్రాయ్ మండలిలో ఆర్థిక సభ్యుడిగా లండన్ నుంచి పంపారు. ఏడాదికి 200 రూపాయలు దాటిన ఆదాయం మీద పన్ను వేశాడు, గడువు అయిదేళ్లు. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అక్కడి గవర్నర్ చార్లెస్ ట్రెవెల్యన్ ఈ పన్ను తగదని తన అభ్యంతరాన్ని బహిరంగంగా పత్రికకెక్కించాడు, దాంతో పదవి పోయింది. గడువు ప్రకారం 1865లో పన్ను ఆగింది. తర్వాత లైసెన్సు పన్నుగా, సర్టిఫికెట్ పన్నుగా, మళ్లీ ఆదాయపు పన్నుగా వస్తూ పోతూ, 1886 చట్టంతో స్థిరపడింది. ఆ చట్టమే వ్యవసాయ ఆదాయాన్ని పన్ను నుంచి మినహాయించింది.

ఒక్క విషయం మిగిలింది. బ్రిటన్‌లో ఈనాటికీ ఆదాయపు పన్ను ఒక్క ఏడాదికే అమల్లో ఉంటుంది. ప్రతి ఏప్రిల్ 5న గడువు ముగుస్తుంది, పార్లమెంటు ఏటా ఫైనాన్స్ యాక్ట్‌తో దాన్ని మళ్లీ విధిస్తుంది. 2026 మార్చి వరకు నడిచిన మన 1961 ఆదాయపు పన్ను చట్టంలోనూ నాలుగో సెక్షన్ తీసి చదవండి. ఏ రేటుతో పన్ను వేయాలో ఆ ఏడాదికి వేరే కేంద్ర చట్టం చెబితేనే వసూలు చేయాలని ఉంటుంది. బడ్జెట్‌తో పాటు ఏటా వచ్చే ఆర్థిక బిల్లు చేసే పని అదే.