పిలిచింది ఎవరు, పిలవబడింది ఎవరు?

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మీ ఉత్తరం అందింది. పరీక్షలో కర్తరి వాక్యాన్ని కర్మణిలోకి మార్చమంటే చిన్నవాడు "తమ్ముణ్ణి అక్కచేత పిలవబడింది" అని రాశాడట. సగం మార్కే ఇచ్చారని వాడి కోపం. నేనైతే అదీ ఇచ్చేవాణ్ణి కాదు. అయితే ఈ తప్పు చాలామంది చేసేదే కాబట్టి, ఆ వాక్యాన్నే పట్టుకుని చెబుతాను.

అసలు వాక్యం ఇది: "అక్క తమ్ముణ్ణి పిలిచింది." పిలిచేది అక్క, కాబట్టి ఆమె కర్త. ఎవర్ని పిలిచింది? తమ్ముణ్ణి. వాడు కర్మ. "పిలిచింది" చివర ఉన్న "ఇంది" అక్కను చూసి వచ్చింది. అన్నయ్య పిలిచి ఉంటే "పిలిచాడు" అనేవాళ్లం. అంటే క్రియ కర్త వెనకే నడుస్తోంది.

కర్మణి వాక్యంలో ఆ పెద్దరికం తమ్ముడికి దక్కుతుంది. ముందు వాడి ఒంటి మీదున్న "ని" విభక్తిని తీసెయ్యాలి. "తమ్ముణ్ణి" కాస్తా "తమ్ముడు" అవుతాడు. అక్కకు "చేత" చేరుతుంది. ఇక క్రియ తమ్ముడి వెనక నడవాలి కాబట్టి "పిలవబడ్డాడు" అవుతుంది. "తమ్ముడు అక్కచేత పిలవబడ్డాడు." చిన్నవాడు "చేత" సరిగ్గానే పెట్టాడు, "బడు" కూడా పెట్టాడు. కానీ తమ్ముడికి "ని" అలాగే ఉంచేశాడు, క్రియను ఇంకా అక్క వెనకే నడిపించాడు. పాఠంలో "పిల్లి ఎలుకను పట్టింది" లాంటి వాక్యాలే ఇస్తే ఈ తప్పు బయటపడదు. "ఎలుక పిల్లిచేత పట్టబడింది" అన్నప్పుడు రెండువైపులా "ఇంది"యే కదా! అందుకే మీరు సాధన చేసేటప్పుడు ఒకరు ఆడ, ఒకరు మగ ఉన్న వాక్యాలు తీసుకోండి. ఏకవచనం ఒకవైపు, బహువచనం ఒకవైపు ఉన్నా మంచిదే. "అన్నయ్య ఉత్తరాలను చదివాడు" అనేది "ఉత్తరాలు అన్నయ్యచేత చదవబడ్డాయి" అవుతుంది.

"ని" తీసెయ్యడంలో ఒక చిన్న చిక్కుంది. కొన్ని మాటలు విభక్తి చేరేటప్పుడు రూపం మార్చుకుంటాయి. "మేస్త్రి ఇంటిని కట్టాడు" అన్న వాక్యంలో ఒక్క "ని" తీసేస్తే "ఇంటి" మిగులుతుంది. "ఇంటి కట్టబడింది" అంటే అర్థం లేదు. మాట అసలు రూపం దాకా వెళ్లాలి: "ఇల్లు మేస్త్రిచేత కట్టబడింది." అలాగే "ఊరిని" అన్నది "ఊరు", "నన్ను" అన్నది "నేను" అవుతాయి. కర్త విషయంలో ఇది తిరగబడుతుంది. "నేను" అన్నవాడు "నాచేత" అవుతాడు, "రాముడు" అన్నవాడు "రాముడిచేత" అవుతాడు.

ఇప్పుడు కాలాల సంగతి. పెద్దది రాసింది, మూడు కాలాలకూ పట్టికలు బట్టీ పడుతున్నానని. అంత టెన్షన్ అక్కర్లేదమ్మా. "పిలవబడ్డాడు"లో రెండు ముక్కలున్నాయి. "పిలవ" మొదటిది, "పడ్డాడు" రెండోది. కలిసినప్పుడు "ప" కాస్తా "బ" అయింది. మొదటి ముక్క ఏ కాలంలోనూ కదలదు. మారేదంతా "పడు" ఒక్కటే. చెట్టు మీంచి పడ్డవాడి గురించి మీరు మాట్లాడగలిగితే కర్మణి వాక్యాలన్నీ మీకు వచ్చినట్టే.

అక్క తమ్ముణ్ణి పిలుస్తోంది అంటే, తమ్ముడు అక్కచేత పిలవబడుతున్నాడు. అక్క రేపు పిలుస్తుంది అంటే, తమ్ముడు రేపు పిలవబడతాడు. పిలవదు అంటే, పిలవబడడు. పడుతున్నాడు, పడతాడు, పడడు: అన్నీ మీరు రోజూ అనే మాటలే. భూతకాలంలో మాత్రం కాస్త చూసుకోవాలి. పడ్డాడు, పడ్డారు, పడ్డాయి, పడ్డాను అన్నిటిలో ఒత్తు ఉంటుంది, "పడింది"లో ఉండదు. కొన్ని ప్రాంతాల్లో "పడ్డది" అంటారు, అదీ తప్పు కాదు. ఇంకో విశేషం, "పిలవలేదు" అన్నదాన్ని మారిస్తే "పిలవబడలేదు" అవుతుంది. అక్కడ తమ్ముడున్నా, అక్కలున్నా, నేనున్నా "లేదు" మారదు. క్రియ ఎవరి వెనక నడవాలన్న తగువే లేదు కాబట్టి చిన్నవాడికి ఇది నచ్చుతుంది.

మరి ఆ కదలని మొదటి ముక్కను పట్టుకోవడం ఎలా? నేను బడిలో చెప్పే కిటుకు ఒకటుంది. క్రియకు "లేదు" తగిలించి చూడండి. రాయలేదు, ఇవ్వలేదు, తెరవలేదు, ఎన్నుకోలేదు. ఇప్పుడు "లేదు" తీసేయండి. రాయ, ఇవ్వ, తెరవ, ఎన్నుకో మిగిలాయి. వాటికి "బడు" చేర్చండి: రాయబడింది, ఇవ్వబడింది, తెరవబడింది, ఎన్నుకోబడ్డాడు. "రాసిబడింది" అని రాసేవాళ్లు ఈ ఒక్క పని చేస్తే చాలు.

"గురువు శిష్యుడికి పుస్తకాన్ని ఇచ్చాడు" లాంటి వాక్యం వస్తే తొందరపడకండి. ఇక్కడ కర్మలు రెండున్నట్టు కనిపిస్తాయి. కానీ "ని" ఉన్నది పుస్తకానికే, శిష్యుడికి "కి" ఉంది. ముందుకొచ్చేది పుస్తకమే: "పుస్తకం గురువుచేత శిష్యుడికి ఇవ్వబడింది." ఇంగ్లీషులో శిష్యుణ్ణి కూడా ముందుకు తేవచ్చు. ఆ అలవాటుతో తెలుగులో "శిష్యుడు ఇవ్వబడ్డాడు" అంటే పాపం వాణ్ణే ఎవరికో దానం చేసినట్టవుతుంది.

అలాగే అసలు కర్మే లేని క్రియలను మార్చలేం. "తమ్ముడు నడిచాడు" అన్నప్పుడు ఎవర్ని, దేన్ని అని అడిగితే జవాబు రాదు. ఇంకోవైపు, "పడు" కనిపించిన ప్రతిదీ కర్మణి కాదు. భయపడ్డాడు, కష్టపడ్డాడు అన్నప్పుడు "పడు" ముందున్నవి క్రియలు కావు, భయం, కష్టం అనే నామవాచకాలు. "చేత" కూడా ఇలాగే మోసం చేస్తుంది. "అక్క తమ్ముడిచేత బొమ్మ గీయించింది" అనేది కర్తరి వాక్యమే. బొమ్మ గీసింది తమ్ముడు, గీయించింది అక్క. చివర "బడు" లేదు, క్రియ ఇంకా అక్క వెనకే ఉంది.

ఒక మాట నిజం చెప్పాలి. ఇన్ని మార్పులు నేర్పాను గానీ, ఇంట్లో ఎవరూ "నేను అమ్మచేత తిట్టబడ్డాను" అనరు. "అమ్మతో తిట్లు తిన్నాను" అంటారు. "ఇల్లు కట్టబడింది" అనరు, "ఇల్లు కట్టారు" అంటారు. ఎవరు కట్టారో చెప్పకుండానే పని జరిగిపోతుంది. బోర్డుల మీద "అద్దెకు ఇవ్వబడును" అని ఉంటుంది గానీ, ఇంటాయన నోటితో "అద్దెకిస్తాం" అనే అంటాడు. కాబట్టి వ్యాసం రాసేటప్పుడు "బడు"లు గుప్పించకండి, చదివేవాడికి నోరు తిరగదు. ప్రశ్నపత్రం అడిగినప్పుడు మాత్రం తప్పు లేకుండా మార్చండి.

"పిల్లలు నన్ను నాయకుడిగా ఎన్నుకుంటారు." ఈ వాక్యాన్ని మార్చి, తిరుగుటపాలో పంపండి. "నాయకుడిగా" అన్నదాన్ని కదపాలా వద్దా అనేది కూడా రాయండి. చిన్నవాడు సొంతంగా రాయాలి, అక్కచేత రాయించుకోకూడదు.

మీ
తాతయ్య