ఇసుకలో దాగిన ఐదు లీటర్లు

ఆగస్టులో ఒక రాత్రి ఉప్పల్ వైపు గట్టి వాన పడింది. తెల్లారేసరికి ఆకాశం తేటపడింది. సెంట్రింగ్ సిద్ధంగా ఉంది, కూలీలు వచ్చేశారు, స్లాబ్ పోయడం మొదలైంది. కాంక్రీటు కలిపే మిల్లర్ దగ్గర నీళ్ళు పోస్తున్న కుర్రాణ్ణి ఎన్ని పోస్తున్నావని అడిగాను. వాడు చెప్పేలోపే మేస్త్రీ అందుకున్నాడు: "మొన్న పిల్లర్లకు ఎంత పోసినమో ఇయ్యాల గూడ గంతే సార్. బస్తాకు ఇరవై అయిదు లీటర్లు. మీరు చెప్పిన లెక్కే."

లెక్క నేను చెప్పిందే. మేస్త్రీ దాన్ని అక్షరాలా పాటించాడు. అయినా బలం పరీక్షించడానికి అదే మాలుతో పోసిన దిమ్మల్లో, 28 రోజుల తర్వాత పిల్లర్ల క్యూబులు 31 మెగాపాస్కల్స్ దగ్గర పగిలితే, స్లాబ్ క్యూబులు 24 దగ్గరే పగిలాయి. సిమెంటు, కంకర, ఇసుక అన్నీ అవే. మధ్యలో మారింది ఆ రాత్రి వాన ఒక్కటే. నేను చెప్పిన లెక్కలో సగమే ఉంది, మిగతా సగం ఇసుక కుప్పలో ఉంది.

ముందు ఆ ఇరవై అయిదు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. బస్తాలో సిమెంటు 50 కిలోలు. నీళ్ళ బరువును సిమెంటు బరువుతో భాగిస్తే వచ్చేదే నీరు-సిమెంటు నిష్పత్తి. మేం 0.5 అనుకున్నాం. 50ని 0.5తో గుణిస్తే 25 కిలోల నీళ్ళు, అంటే 25 లీటర్లు. కాంక్రీటుకు మన దేశంలో ప్రమాణమైన ఐఎస్ 456, ఉక్కు వేసిన కాంక్రీటుకు మామూలు వాతావరణంలో ఈ నిష్పత్తి 0.55 దాటకూడదంటుంది. కాస్త తేమకు గురయ్యే చోట 0.50 దాటకూడదంటుంది.

ఈ 25 లీటర్లలో సిమెంటు నిజంగా తనలో కలుపుకునేది సగం కూడా ఉండదు. రసాయన చర్యలో కట్టుబడిపోయేది సిమెంటు బరువులో దాదాపు 23 శాతం, అంటే బస్తాకు పదకొండున్నర లీటర్లు. గట్టిపడిన సిమెంటు జిగురులోని అతి సన్నని రంధ్రాలు పట్టి ఉంచేది ఇంకో 15 శాతం. రెండూ కలిపి 19 లీటర్లు. మిగిలిన నీళ్ళు మాలు కదలడానికీ, మూలల్లోకి, కడ్డీల సందుల్లోకి జారడానికీ మనం పోసేవి. ఆ పని అయ్యాక అవి ఆరిపోతాయి, కానీ అవి ఉన్న చోటు ఖాళీగా మిగిలిపోతుంది. గట్టిపడిన కాంక్రీటులో కంటికి కనిపించని సన్నని సొరంగాలు అవే. నీళ్ళు పెరిగితే సొరంగాలు పెరుగుతాయి, బలం తగ్గుతుంది. 1918లో షికాగోలో డఫ్ అబ్రామ్స్ లెక్కలేనన్ని నమూనాలు పగలగొట్టి చూసి, బలాన్ని ప్రధానంగా నిర్ణయించేది ఈ నిష్పత్తేనని తేల్చాడు.

ఇక్కడ 25 లీటర్లంటే మిల్లర్‌లో సిమెంటుకు అందే నీళ్ళన్నీ కలిపి. బకెట్‌తో పోసినవే అని కాదు. ఇసుక రేణువుల చుట్టూ అంటుకుని వచ్చిన నీళ్ళకూ, బకెట్ నీళ్ళకూ సిమెంటు తేడా చూపదు.

అలాగని ఇసుకలో ఉన్న తేమంతా సిమెంటుకు చిక్కదు. శనగలు రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వంచేసి, గుడ్డతో తుడిచారనుకోండి. గింజ లోపల నీళ్ళు నిండుగా ఉన్నాయి, పైన మాత్రం పొడిగా ఉంది. కాంక్రీటు లెక్కల్లో ఇసుక, కంకర ఎప్పుడూ ఈ స్థితిలో ఉన్నాయనే అనుకుంటాం. రాయి లోపలికి పీల్చుకున్న నీళ్ళు అక్కడే ఉండిపోతాయి, వాటి జోలికి పోనక్కర్లేదు. పైన అంటుకున్నవి మాత్రం సిమెంటుకు చేరతాయి, వాటిని బకెట్‌లోంచి తీసేయాలి. ఒకవేళ రాయి ఎండి లోపల ఖాళీగా ఉంటే, అది బకెట్ నీళ్ళను పీల్చుకుంటుంది. అప్పుడు ఆ మేరకు కలపాలి.

కాబట్టి తెలియాల్సినవి రెండే: మొత్తం తేమ ఎంత, అందులో రాయి లోపలికి పోయేది ఎంత. రెండోది రోజూ మారదు. రాతిని ఒక రోజంతా నానబెట్టి ల్యాబ్‌లో కొలుస్తారు. ఆ రిపోర్టు క్రషర్ వాళ్ళను అడిగి తీసుకోవాలి. మా రోబో ఇసుకకు అది 2 శాతం, మన చుట్టుపక్కల గ్రానైటు కంకరకు అర శాతం. మొదటిది మాత్రం వానతో, ఎండతో పూట పూటకూ మారుతుంది. దాన్ని సైట్‌లోనే కొలవాలి.

దానికి కావాల్సింది ఒక ఇనుప మూకుడు, గ్యాస్ స్టవ్, గ్రాముల తూకం. ఆ స్లాబ్ తర్వాత నేను ఈ మూడూ లేకుండా కాంక్రీటు మొదలుపెట్టనివ్వలేదు. అదే సైట్‌లో తర్వాతి అంతస్తు స్లాబ్ రోజు కూడా ముందురాత్రి వాన పడింది. ఆ పొద్దున చేసింది వివరంగా చెబుతాను.

కుప్పలో నాలుగు చోట్ల, పైపొర తీసేసి జానెడు లోతునుంచి ఇసుక తీసుకున్నాం. పైన ఎండకు ఆరి ఉంటుంది, అడుగున నీళ్ళు చేరి కారుతుంటాయి, ఆ రెండూ కుప్ప సంగతి చెప్పవు. అన్నీ కలిపి సరిగ్గా 1000 గ్రాములు తూచి మూకుట్లో వేశాం. మొదట గరిటెకు ముద్దలా అంటుకుంటుంది, ఆవిరి లేస్తుంది. కాసేపటికి ముద్దలు విడిపోయి, ఇసుక రవ్వలా జారడం మొదలవుతుంది. అంతటితో ఆపేయకూడదు. మూకుడు మీద ఒక గాజు పలక పట్టి చూస్తే ఇంకా మసక పడుతూనే ఉంటుంది. మసక ఆగేదాకా వేయించి, చల్లార్చి, తూచాం. 943 గ్రాములు వచ్చింది.

పోయింది 57 గ్రాముల నీళ్ళు. దాన్ని ఎండిన బరువుతో, అంటే 943తో భాగించాలి. 1000తో భాగించడం చాలామంది చేసే పొరపాటు. వచ్చింది 6 శాతం. అందులో లోపలికి పోయే 2 శాతం తీసేస్తే రేణువుల మీద ఉన్న నీళ్ళు 4 శాతం. కంకరనూ ఇలాగే వేయిస్తే ఒకటిన్నర శాతం తేలింది. లోపలి అర శాతం పోను పైన ఉన్నది 1 శాతం.

మా మిశ్రమంలో ఒక బస్తా సిమెంటుకు ఇసుక 83 కిలోలు, కంకర 167 కిలోలు. 83లో 4 శాతమంటే 3.3 లీటర్లు. 167లో 1 శాతమంటే 1.7 లీటర్లు. మొత్తం సరిగ్గా 5 లీటర్లు, బకెట్ ముట్టుకోకముందే మిల్లర్‌లోకి వచ్చేశాయి. కనుక బకెట్‌తో పోయాల్సింది 20 లీటర్లే.

వానకు తడిసిన ఆ మొదటి స్లాబ్ రోజు మేం ఇలా కొలవలేదు. ఇసుక దాదాపు ఇలాగే తడిసిందనుకుంటే మిల్లర్‌లో పడింది 30 లీటర్లు. 30ని 50తో భాగిస్తే 0.6. ఆ పెరుగుదలకు బలం సుమారు ఐదో వంతు పడిపోతుంది. మా క్యూబుల్లో కనిపించింది అదే.

తూకంలో ఇంకో సవరణ ఉంది, దీన్ని తరచూ మరిచిపోతారు. తడి ఇసుక 83 కిలోలు తూచితే అందులో 3 కిలోలకు పైగా నీళ్ళే, ఇసుక అంత తగ్గినట్టు. అందుకే ఇసుకను 86.3 కిలోలు, కంకరను 168.7 కిలోలు తూచాలి. బకెట్‌లోంచి తీసేసిన ఐదు లీటర్లు ఇక్కడ బరువుగా తిరిగి వచ్చాయి, లెక్క సరిపోయింది.

తూకం లేకుండా పెట్టెలతో కొలిచే సైట్లలో చిక్కు ఇంకొంచెం ఎక్కువ. తడి ఇసుక ఉబ్బుతుంది. రేణువుల మధ్య నీటి పొర వాటిని దూరంగా నెడుతుంది కాబట్టి అదే పెట్టెలో తక్కువ ఇసుక పడుతుంది. ఒక గాజు జాడీలో తడి ఇసుకను వదులుగా 200 మిల్లీమీటర్ల ఎత్తు పోసి, నీళ్ళు నింపి కలిపి వదిలేయండి. అది 160కి దిగితే ఇసుక నాలుగో వంతు ఉబ్బిందని అర్థం. అప్పుడు ఒక పెట్టె బదులు ఒకటింపావు పెట్టె వేస్తే తప్ప ఇసుక సరిపోదు. నీళ్ళ సవరణ ఆ తర్వాతే.

మే నెల ఎండల్లో లెక్క తిరగబడుతుంది. ఇసుకలో మొత్తం తేమ అర శాతమే ఉంటే లోపల ఇంకా ఒకటిన్నర శాతం ఖాళీ. 83 కిలోలకు 1.2 లీటర్లు పీల్చుకుంటుంది. ఎండిన కంకర ఇంకో 0.8 లీటర్లు పీల్చుకుంటుంది. కాగితం మీద బకెట్‌లో 27 లీటర్లు పోయాలి. కానీ రాయి నీళ్ళను మిల్లర్ తిరిగే రెండు మూడు నిమిషాల్లో పూర్తిగా తాగదు. ముందు మాలు పలచగా కనిపించి, స్లాబ్ మీదికి చేరేసరికి గట్టిపడుతుంది. అక్కడున్నవాళ్ళు కంగారుపడి ఇంకో బకెట్ కుమ్మరిస్తారు. ముందురోజు సాయంత్రమే కంకరను పైపుతో తడిపి, రాత్రంతా నీళ్ళు కారనిస్తే ఈ సమస్యే ఉండదు. వేసవిలో నేను అదే చేయిస్తాను.

ఆ రోజు 20 లీటర్లని చెప్పగానే మేస్త్రీ ఒప్పుకోలేదు. "గట్టిగైతది సార్, కడ్డీల కింద దిగది." అతని భయం ఉత్తదేమీ కాదు. మంచి మేస్త్రీ కన్ను తడి ఇసుకను పసిగడుతుంది, మాలు పలచనైతే తనే నీళ్ళు తగ్గిస్తాడు. అయితే ఆ కన్ను చూసేది మాలు జారుడును. రోబో ఇసుకలో రాతిపొడి ఎక్కువుంటే జారుడు తగ్గుతుంది, అప్పుడు అదే కన్ను నీళ్ళు పెంచమంటుంది. జారుడు కావాలంటే ప్లాస్టిసైజర్ వేయాలి గానీ నీళ్ళు కాదు. ఆ రోజు అలాగే వేశాం.

కొలత కోసం 20 లీటర్ల పెయింట్ బకెట్‌ను నమ్మలేదు. అంచుదాకా నింపితే అందులో అంతకంటే ఎక్కువే పడుతుంది. లీటరు సీసాతో ఇరవై సార్లు పోసి, నీళ్ళు ఆగిన చోట లోపలివైపు ఎర్ర రంగుతో గీత గీశాం. మొదటి మిల్లర్ మాలును, జారుడు కొలిచే స్లంప్ కోన్‌లో పోసి ఎత్తి చూస్తే కుప్ప కుదురుగా దిగింది. సెంట్రింగ్ సందుల్లోంచి సిమెంటు పాలు కారలేదు. వైబ్రేటర్ తీసేశాక పైన నీళ్ళు మడుగు కట్టలేదు. ఎక్కువ నీళ్ళున్న మాలు ముందుగా బయటపడేది ఈ మూడు చోట్లే.

పన్నెండు దాటేసరికి ఎండ కాసింది. రెండింటికి మళ్ళీ కిలో ఇసుక వేయించాం. ఈసారి 959 గ్రాములు మిగిలింది. తేమ 4.3 శాతానికి దిగింది, రేణువుల మీద 2.3 శాతమే. అంటే ఇసుకతో 1.9 లీటర్లు వస్తున్నాయి. కంకర పైన మిగిలింది అర శాతం, దాంతో 0.8 లీటర్లు. ఇసుక, కంకర తూకాలు తగ్గించి, ఎర్ర గీతకు కాస్త పైన, 22.3 లీటర్ల దగ్గర, నల్ల రంగుతో ఇంకో గీత గీశాం.