ఫైర్ పంపు తిరిగితే చాలదు, టెస్ట్ లైన్ తెరిచి చూడాలి

"సార్, ప్రతి శనివారం రెండు పంపులు స్టార్ట్ చేస్తం. గేజీ మీద పన్నెండు చూపిస్తది. అన్నీ మంచిగనే ఉన్నయి" అన్నాడు వాచ్‌మన్. మే నెల, హన్మకొండలో 14 అంతస్తుల అపార్ట్‌మెంట్, బేస్‌మెంట్‌లో పంప్ రూమ్. కమిటీ వాళ్లు నన్ను పిలిచింది ఫైర్ పంపుల కోసం కాదు. జాకీ పంపు నాలుగు నిమిషాలకోసారి ఆన్ అయి ఆగుతోందని, కింది ఫ్లాట్ల వాళ్లకు నిద్ర పట్టడం లేదని. ఆ చిన్న ఫిర్యాదు వెంట పోతే బయటపడినవే ఇవన్నీ.

అపోహ: జాకీ పంపు చిన్నది కాబట్టి మంట వేళ మెయిన్ పంపుకు తోడుగా నడుస్తుంది, కాస్త పెద్దది పెడితే ఇంకా మంచిది.

జాకీ మంటలు ఆర్పడానికి కాదు. గ్లాండ్ల దగ్గర, వాల్వుల దగ్గర బొట్టుబొట్టుగా తగ్గే ప్రెషర్‌ను నింపి పెట్టడమే దాని పని. ఈ భవనంలో అది నిమిషానికి 180 లీటర్లది. ఎవరైనా హైడ్రెంట్ తెరిస్తే అన్ని నీళ్లు ఇవ్వడం జాకీ వల్ల కాదు, ప్రెషర్ పడిపోతుంది, ఆ పడటం చూసే మెయిన్ పంపు లేస్తుంది. జాకీ 500 లీటర్లది పెడితే ఒక హోస్ దాకా అదే మోసేస్తుంది, మెయిన్ పంపుకు కబురే అందదు.

జాకీలో పెద్దగా ఉండాల్సింది హెడ్, అంటే నీళ్లను ఎంత ఎత్తుకు నెట్టగలదో ఆ కొలత. మెయిన్ పంపు 100 మీటర్ల హెడ్‌దని జాకీని కూడా 100 మీటర్లదే కొనడం నేను చాలాచోట్ల చూశాను. వాల్వ్ మూసి ఉన్నప్పుడు మెయిన్ పంపు ప్రెషర్ 100 మీటర్ల దగ్గర ఆగదు, ఇక్కడ 12 బార్, అంటే సుమారు 122 మీటర్ల దాకా పోతుంది. జాకీ ఆ 12ను అందుకోవాలి, కాబట్టి దాని హెడ్ 125 మీటర్లు. సెట్టింగులు ఇలా పెట్టాం: జాకీ 12 దగ్గర ఆగుతుంది, 11.3 దగ్గర మొదలవుతుంది. 10.9కి ఎలక్ట్రిక్ పంపు, 10.2కి డీజిల్ పంపు. జాకీ దానంతటదే ఆగుతుంది. మెయిన్ పంపులను మాత్రం మనిషి వచ్చి చేత్తోనే ఆపాలి, ప్రెషర్ నిండిందని మంట మధ్యలో అవి ఆగిపోకూడదు.

మరి ఈ జాకీకి నాలుగు నిమిషాలకోసారి పనెందుకు పడుతోంది? మెట్ల పక్కన అంతస్తు అంతస్తూ తిరిగాం, ఎక్కడా తడి లేదు. చివరికి టెస్ట్ లైన్, అంటే పంపును పరీక్షించేటప్పుడు నీళ్లను తిరిగి సంపులోకి వదిలే పైపు, దాని వాల్వ్ మీద స్క్రూడ్రైవర్ కొస ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే లోపల సన్నగా ఈల లాంటి శబ్దం వినిపించింది. వాల్వ్ సీటు మీద వెల్డింగ్ ముక్క ఇరుక్కుని మూత పూర్తిగా కూర్చోలేదు. నీళ్లు టెస్ట్ పైపులోంచి తిరిగి సంపులోకే పోతున్నాయి. ఆ పైపు కొస సంపు నీళ్లలో మునిగి ఉంది కాబట్టి ఎవరికీ కనిపించలేదు. కొసను నీటి మట్టం పైకి కోసి, సక్షన్ పైపుకు ఎదురు చివరకు మార్చాం. దగ్గరగా పడితే గాలి బుడగలు సక్షన్‌లోకి పోతాయి. ఇప్పుడు మ్యాన్‌హోల్ మూత తీసి టార్చ్ వేస్తే వాల్వ్ కారుతోందో లేదో వాచ్‌మన్‌కే తెలుస్తుంది.

అపోహ: పంపు స్టార్ట్ అయి గేజీ 12 చూపిస్తే పంపు బాగున్నట్టే.

నాకు అన్నిటికన్నా భయం ఈ నమ్మకం మీదే. వాల్వ్ మూసి నడిపితే పంపు నీళ్లను కదిలించదు, ఇంజిన్ మీద బరువు తక్కువ. మంట వేళ కావాల్సింది 12 బార్ కాదు, నిమిషానికి 2280 లీటర్లు పోతూ ఉండగా నిలబడే ప్రెషర్. ఈ భవనంలో లెక్క సులువే. పంపు నుంచి పై హైడ్రెంట్ దాకా ఎత్తు 47 మీటర్లు. అక్కడ 3.5 బార్ ఉండాలి, అంటే సుమారు 36 మీటర్లు. పైపుల్లో రాపిడికి 8 మీటర్లు. మొత్తం 91, అందుకే 100 మీటర్ల పంపు పెట్టారు. ఎంపిక సరైనదే. పంపు మంచిదైతే ఒకటిన్నర రెట్లు, అంటే 3420 లీటర్లు లాగినా కనీసం 65 మీటర్ల హెడ్ ఇవ్వాలని ఫైర్ పంపుల భారతీయ ప్రమాణం ఐఎస్ 15301 అంటుంది. ఇవన్నీ చూడాలంటే టెస్ట్ లైన్ మీద ఫ్లో మీటరు తప్పనిసరి. అక్కడ ఉన్న మీటరు డయల్ 3000 దగ్గరే అయిపోయింది! రేటెడ్ ఫ్లో అయిన 2280కి 175 శాతం, అంటే 4000 దాకా చూపేది మార్పించాం.

వాల్వ్ బాగయ్యాక టెస్ట్ మొదలుపెట్టాం. బటన్ నొక్కలేదు, ప్రెషర్ స్విచ్ పైపు డ్రెయిన్ కొంచెం వదిలి పంపును ఆటోలో లేవనిచ్చాం. ఎలక్ట్రిక్ పంపు 2280 దగ్గర 10 బార్ ఇచ్చింది, సరే. డీజిల్ పంపుకు వాల్వ్ మూసి ఉండగా 2200 ఆర్‌పీఎం, 12 బార్. వాచ్‌మన్ చెప్పింది నిజమే. టెస్ట్ వాల్వ్ మెల్లగా తిప్పుతూ 2280కి తెచ్చేసరికి ఇంజిన్ మూలిగింది, ఆర్‌పీఎం 2000కి జారింది. వేగం పది శాతం దాకా పడితే ప్రెషర్ దాదాపు ఇరవై శాతం పడుతుంది, ఎందుకంటే ప్రెషర్ వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. గేజీ 8.2 చూపించింది. ఆ 91 మీటర్లకు కావాల్సింది సుమారు 8.9 బార్, దానికి ఇది 0.7 తక్కువ. పద్నాలుగో అంతస్తులో 3.5 బదులు 2.8 బారే మిగులుతుందన్నమాట.

సైలెన్సర్ వైపు చూశాం. నల్లటి పొగ వస్తే ఇంజిన్‌కు గాలి చాలడం లేదని అర్థం: ఎయిర్ ఫిల్టర్ నిండిపోయి ఉండొచ్చు, లేదా గది వెంటిలేషన్ మూసి ఉండొచ్చు. ఇక్కడ పొగ మామూలుగానే ఉంది, వేగం మాత్రం పడుతోంది. అంటే డీజిలే అందడం లేదు. ఫిల్టర్ విప్పితే లోపల నల్లని జిగురు మడ్డి. ట్యాంకులో రెండేళ్ల నాటి డీజిల్, అడుగున నీళ్లు. శనివారం ఐదు నిమిషాల ఖాళీ పరుగుకు ఆ ఫిల్టర్ గుండా వచ్చిన డీజిల్ సరిపోయింది, బరువు పడగానే చాలలేదు.

అపోహ: జనరేటర్ ఉంది కదా, డీజిల్ పంపు ఎందుకు, పెట్టినా చిన్నది చాలు.

మంట వేళ కాలిపోయేది కేబుళ్లు, ప్యానెళ్లు. కరెంటు, జనరేటర్ రెండూ ఒకే ప్యానెల్ గుండా వస్తాయి. డీజిల్ ఇంజిన్‌కు సొంత బ్యాటరీలు, సొంత ట్యాంకు ఉంటాయి, అందుకే అది ఎలక్ట్రిక్ పంపుతో సమానమైన లీటర్లది, సమానమైన హెడ్‌దే కావాలి. బ్యాటరీలు రెండు జతలు ఉండాలి, ఒకటి చచ్చిపోయినా రెండోది తిప్పుతుంది. మన ఎండాకాలంలో బేస్‌మెంట్ గది 45 డిగ్రీలు దాటుతుంది, వేడి గాలికి ఇంజిన్ బలం కొంత తగ్గుతుంది. ఇంజిన్ హార్స్‌పవర్ ఎంచేటప్పుడు అది లెక్కలో వేయాలి. రేడియేటర్ గాలి డక్ట్ గుండా బయటికి పోవాలి.

ఇంకో మాట: టెస్ట్ చేస్తే నీళ్లు వృథా అని సెక్రటరీ గారు వెనకాడారు. ఆ నీళ్లు సంపులోకే తిరిగి వస్తాయి, పోయేది అరగంట డీజిలే.

ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చాక మళ్లీ తెరిచాం. 2280 దగ్గర 2190 ఆర్‌పీఎం, 9.9 బార్. 3420 దగ్గర 6.7 బార్. అరగంట నడిపినా కూలెంట్ వేడి ఒకే గీత మీద నిలిచింది. ఆ అంకెలన్నీ తేదీ వేసి పంప్ రూమ్ రిజిస్టర్‌లో రాయించాను. జాకీ ఆ రాత్రంతా రెండుసార్లే ఆన్ అయింది.