విదేశీ ఎంపీహెచ్, ఎన్జీఓ ఉద్యోగం: నా దగ్గరికొచ్చే వాళ్ల అపోహలు

పోయిన జూన్‌లో గాజువాక నుంచి ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరైన మనిషి. అమ్మాయి బీడీఎస్ పూర్తి చేసింది. ప్లాస్టిక్ ఫోల్డర్‌లో రెండు ఆఫర్ లెటర్లు: ఒకటి అమెరికాలో రెండేళ్ల ఎంపీహెచ్, అంటే పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్, రెండోది ఇంగ్లండ్‌లో ఏడాది ఎమ్మెస్సీ. "ఏది మంచిదో చెప్పండమ్మా, బ్యాంకులో నలభై లక్షలకి ఫైలు రెడీగా ఉంది" అన్నారాయన. అమ్మాయికి మాత్రం ఒకటే కోరిక, ఆఫ్రికాలోనో మరెక్కడో అంతర్జాతీయ సంస్థలో పనిచేయాలి.

నేను పాడేరు ఏజెన్సీలో మలేరియా ప్రాజెక్టుతో మొదలుపెట్టి, తర్వాత బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శరణార్థి శిబిరాల్లోనూ దక్షిణ సూడాన్‌లోనూ పనిచేసి, మళ్లీ వైజాగ్ చేరాను. ఆ రోజు ఆ ఇద్దరితో మాట్లాడిన రెండు గంటల్లో వచ్చిన మాటలే ఇవి. ద్వారకా నగర్ కన్సల్టెన్సీల మెట్లెక్కి దిగిన ప్రతి పిల్లా పిల్లాడూ కాస్త అటూఇటూగా ఇవే అడుగుతారు.

అపోహ: పబ్లిక్ హెల్త్ అంటే డాక్టర్లకే

కాదు. నర్సింగ్, ఫార్మసీ, స్టాటిస్టిక్స్, సోషల్ వర్క్ చదివిన వాళ్లనీ తీసుకుంటారు. దీని గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

అపోహ: విదేశంలో డిగ్రీ చేస్తే విదేశంలో ఎన్జీఓ ఉద్యోగం దానంతటదే వస్తుంది

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఐక్యరాజ్యసమితి సంస్థల్లోనైనా పెద్ద ఎన్జీఓల్లోనైనా ఉద్యోగాలు రెండు రకాలు. పని జరిగే దేశపు పౌరులకే ఇచ్చే నేషనల్ పోస్టులు, ఏ దేశం వాళ్లయినా పెట్టుకోగల ఇంటర్నేషనల్ పోస్టులు. క్షేత్రంలో ఉండే ఉద్యోగాల్లో చాలా భాగం మొదటి రకమే. మలావీలో సర్వే ఆఫీసర్ కావాలంటే మలావీ మనిషినే తీసుకుంటారు. భాష తెలుసు, ఊరు తెలుసు, విమానం టికెట్టు ఖర్చు లేదు. అలా తీసుకోవడం న్యాయం కూడా. బయటి మనిషిని రప్పించేది అక్కడ దొరకని అనుభవం కోసం. అందుకే ఇంటర్నేషనల్ పోస్టు ప్రకటనలో మాస్టర్స్ డిగ్రీ ఒక లైను మాత్రమే. దాని కింద మూడేళ్లో ఐదేళ్లో అనుభవం అని ఉంటుంది, పశ్చిమ ఆఫ్రికా అయితే ఫ్రెంచ్ కూడా అడుగుతారు.

అమ్మాయితో అక్కడే ల్యాప్‌టాప్‌లో రిలీఫ్‌వెబ్ తెరిపించాను. ఐక్యరాజ్యసమితి మానవతా విభాగం నడిపే సైటు అది, ఈ రంగంలో ఉద్యోగ ప్రకటనలకు మొదటి చోటు. తనకు నచ్చిన పది ప్రకటనలు తీసి, కాగితం మీద మూడు గళ్లు గీసి రాయమన్నాను: ఎన్నేళ్ల అనుభవం, ఏ పని చేతనవ్వాలి, ఏ దేశస్థులకు. పది పూర్తయ్యేసరికి అమ్మాయి ముఖం మారిపోయింది. "మేడమ్, నాకు సరిపోయేది ఒక్కటీ లేదు" అంది. నిజమే. డిగ్రీ చేతికొచ్చాక వెతికినా ఆ మూడు గళ్లు అలాగే ఉండేవి.

దీనికి తోడు కాలం కూడా బాగాలేదు. 2025లో అమెరికా తన విదేశీ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్‌ను మూసేసింది. దాని డబ్బుతో నడిచిన ప్రాజెక్టుల్లో పనిచేసిన వాళ్లు, పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా, రోడ్డున పడ్డారు. బ్రిటన్ తన సహాయాన్ని జాతీయ ఆదాయంలో 0.5 శాతం నుంచి 2027 నాటికి 0.3 శాతానికి తగ్గిస్తానంది. అంటే కొత్తగా డిగ్రీ చేతబట్టుకుని వచ్చే పిల్లలు ఇప్పుడు పోటీ పడేది తోటి పిల్లలతో మాత్రమే కాదు, ఉద్యోగం పోయిన సీనియర్లతో కూడా. ఈ మాట కన్సల్టెన్సీ వాళ్లు చెప్పరు. చెబితే వాళ్ల కమీషన్ పోతుంది కదా.

అపోహ: ఏ ఎంపీహెచ్ అయినా ఒకటే, దేశం పేరు ముఖ్యం

అమెరికా ఆఫర్‌ని చూస్తే హెల్త్ పాలసీ స్పెషలైజేషన్. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితంలో కోర్సు పక్కన ఒక కోడ్ ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. సాధారణ పబ్లిక్ హెల్త్ కోడ్ 51.2201. అది స్టెమ్, అంటే సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కోర్సుల జాబితాలో లేదు, కాబట్టి చదువయ్యాక పని చేసుకోవడానికి 12 నెలలే. జబ్బులు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తున్నాయో చదివే ఎపిడెమియాలజీ కోడ్ 26.1309. అది జాబితాలో ఉంది, ఇంకో 24 నెలలు పొడిగించుకోవచ్చు. ఒకే యూనివర్సిటీ, ఒకే బిల్డింగు, ఫీజు కూడా దాదాపు అంతే, తేడా మాత్రం రెండేళ్లు. అయితే పొడిగింపు కాలంలో జీతం లేని వాలంటీర్ పని చెల్లదు. పైగా యజమాని ఈ-వెరిఫైలో, అంటే ఉద్యోగికి పనిచేసే అనుమతి ఉందో లేదో సరిచూసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థలో, నమోదై ఉండాలి. చిన్న ఎన్జీఓలో చేరే ముందు ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి.

ఇందులో ఇంకో అపోహ దాగుంది. లాభాపేక్ష లేని సంస్థ అయితే హెచ్-1బీ లాటరీ ఉండదని చాలామంది నమ్మకం. ఆ మినహాయింపు యూనివర్సిటీలకు, వాటికి అనుబంధంగా ఉన్న సంస్థలకు, పరిశోధనా సంస్థలకు. అన్నం పెట్టే, దోమతెరలు పంచే మామూలు ఎన్జీఓ వాటిలోకి రాదు.

ఇంగ్లండ్‌లో చదువు ఏడాదే. తర్వాత ఉండనిచ్చేది ఇప్పుడు రెండేళ్లు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసుకునేవాళ్లకి 18 నెలలు. లండన్‌లోని స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్, ససెక్స్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్ లాంటి వాటికి ఈ రంగంలో గట్టి పేరుంది. కానీ పేరు చూసే ముందు సబ్జెక్టుల పట్టిక చూడాలి. డెవలప్‌మెంట్ స్టడీస్‌లో కొన్ని కోర్సులు మొత్తం సిద్ధాంతమే. వలస పాలన, రాజకీయ ఆర్థికం, విమర్శలు, అన్నీ మంచి చదువులే. అయితే సర్వే ఎలా చేయాలో, డేటా ఎలా శుభ్రం చేయాలో నేర్పే పేపరు తప్పనిసరో ఐచ్ఛికమో చూసుకోవాలి. ఐచ్ఛికమైతే దాన్ని ఎంచుకునే ధైర్యం ఉండాలి. ఎందుకో కింద చెబుతాను.

అపోహ: పాడేరులో పని అంటే లోకల్ పని, రెజ్యూమెలో బరువుండదు

ఎన్జీఓ ఇంటర్వ్యూకి ముందు చాలాచోట్ల రాత పరీక్ష పెడతారు. ఊళ్ల జాబితా ఇచ్చి, "ఈ ప్రాంతంలో ఐదేళ్లలోపు పిల్లల్లో ఎందరు నిన్న రాత్రి దోమతెర కింద పడుకున్నారో ఎలా తెలుసుకుంటావు?" అని అడుగుతారు. ఎన్ని తెరలు పంచామన్నది మన లెక్క. ఎవరు వాడారన్నది ఫలితం. తెర చేపలు పట్టడానికి వెళ్లిందో, పెట్టెలో మడతపెట్టి ఉందో స్టాకు రిజిస్టర్ చెప్పదు.

అందరికీ తెలిసిన పాత పద్ధతి, టీకాల సర్వేల కోసం డబ్ల్యూహెచ్‌ఓ వాడుకలోకి తెచ్చింది, 30 ఊళ్లు, ఊరికి ఏడుగురు పిల్లలు. మొత్తం 210 మంది. ఒక ప్రాంతంలో 60,000 జనాభా ఉందనుకుందాం. 30తో భాగిస్తే 2,000. ఒకటి నుంచి 2,000 లోపు ఒక సంఖ్యను లాటరీలో తీస్తాం, 640 వచ్చిందనుకోండి. ఊళ్ల జనాభాని వరసగా కలుపుకుంటూ పోవాలి. మొదటి ఊరు 500, రెండోది 900, కలిపితే 1,400. 640 రెండో ఊళ్లో పడింది, అది మొదటి ఎంపిక. మూడో ఊరు 1,500, కలిపితే 2,900. 640కి 2,000 కలిపితే 2,640, అది మూడో ఊళ్లో పడింది. ఇలా 30 సార్లు. పెద్ద ఊరు తగిలే అవకాశం ఎక్కువ, కానీ ప్రతి ఊళ్లో ఏడుగురినే తీసుకుంటాం కాబట్టి చివరికి ఏ పిల్లకైనా ఇంచుమించు సమాన అవకాశం. ప్రాంతం మొత్తానికి ఒక అంచనా వస్తుందే కానీ, ఏ ఊరికా ఊరు విడిగా చెప్పడానికి ఏడుగురు చాలరు. ఈ పరిమితి కూడా పరీక్షలో రాయాలి.

ఇదంతా పుస్తకంలో ఉంటుంది. పుస్తకంలో లేనిది నేను సూపర్‌వైజర్‌గా చేసిన మొదటి సర్వేలో నేర్చుకున్నాను. తెర వాడకం నేను ఊహించినదానికన్నా బాగా ఎక్కువ వచ్చింది. సంతోషపడి రిపోర్టు రాయబోతూ ఊరికే ఫోన్లలో నమోదైన జీపీఎస్ చుక్కల్ని మ్యాపు మీద చూశాను. చుక్కలన్నీ ఘాట్ రోడ్డు వెంట పూసల్లా వరసకట్టి ఉన్నాయి. కొండ మీద ఊళ్లు నాలుగు జాబితాలో ఉన్నాయి, చుక్కల్లో ఒక్కటీ లేదు. బురదలో నడవలేక మావాళ్లు రోడ్డు పక్క ఊళ్లకే వెళ్లి కొండ ఊళ్ల పేర్లు రాసేశారు. ఫారం మొదలుపెట్టిన టైము, ముగించిన టైము చూస్తే ఇంటికి మూడు నిమిషాలు. ఇరవై ప్రశ్నలు మూడు నిమిషాల్లో అడగడం నావల్ల కాదు. వాళ్లని తిట్టలేకపోయాను, రోజుకి ఇన్ని ఇళ్లని టార్గెట్ పెట్టింది నేనే. ఆ నాలుగు ఊళ్లకి మళ్లీ వెళ్లాం, ఈసారి నేనూ నడిచాను. శాతం తగ్గింది.

కాక్స్ బజార్ ఉద్యోగానికి ఇంటర్వ్యూలో "నీ డేటా తప్పని ఎప్పుడైనా తెలుసుకున్నావా, ఎలా?" అని అడిగితే నేను చెప్పింది ఈ కథే. ఏ యూనివర్సిటీలో చదివావని ఆ ప్యానెల్ ఒక్కసారి కూడా అడగలేదు.

అపోహ: లోను సంగతి ఉద్యోగం వచ్చాక చూసుకోవచ్చు

నలభై లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే నెలకి సుమారు 55,000 కట్టాలి. చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీ దీనికి అదనం. ఇండియాలో ఎన్జీఓ మొదటి ఉద్యోగంతో అది కట్టడం నాకు తెలిసి ఎవరివల్లా కాలేదు. అమ్మానాన్నలు కట్టారు, లేకపోతే పిల్లలు ఈ రంగం వదిలి ఫార్మా కంపెనీకో ఇన్సూరెన్స్‌కో వెళ్లారు.

స్కాలర్‌షిప్‌లున్నాయి, కానీ వాటికీ అనుభవమే తాళంచెవి. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చివెనింగ్‌కి 2,800 గంటల పని అనుభవం కావాలి, వారానికి 40 గంటలంటే 70 వారాలు. చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతూ ఉంది. అక్కడే ఉండిపోవాలనుకునేవాళ్లకి అది పనికిరాదు. అమెరికాలో చదవడానికిచ్చే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కి మూడేళ్ల అనుభవం అడుగుతారు.

ఇవన్నీ విని నాన్నగారు కాస్త చిన్నబుచ్చుకున్నారు. "అయితే వెళ్లొద్దంటారా?" అన్నారు. వెళ్లమన్నాను, ఇప్పుడు కాదన్నాను. ఇంగ్లండ్ యూనివర్సిటీకి అడ్మిషన్ ఏడాది వాయిదా వేయమని మెయిల్ పెట్టించాను. కట్టిన డిపాజిట్ వచ్చే ఏడాదికి మారుతుందో లేదో రాతపూర్వకంగా అడగమన్నాను, ఫోన్లో చెప్పిన మాట నమ్మొద్దన్నాను. జవాబు నాలుగు రోజుల్లో వచ్చింది, ఒప్పుకున్నారు.

అమ్మాయి ఇప్పుడు అరకు వైపు ఒక పోషకాహార సర్వేలో ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునే ఎన్యూమరేటర్. నాన్నగారికి ఆ జీతం చెప్పుకోవడం ఇంకా నామోషీయే. మొన్న రాత్రి ఫోన్ చేసింది. "మేడమ్, ఒక ఇంటికి మూడుసార్లు వెళ్లాను, తల్లి పొలంలోనే ఉంటోంది. పక్కింటి పిల్లని తీసుకోవచ్చా?" అని అడిగింది. తీసుకోవద్దని, తెల్లారకముందే నాలుగోసారి వెళ్లమని చెప్పాను.