28 ఆంపియర్లా, 16 ఆంపియర్లా? రిలే సెట్టింగ్ తగాదా వెనుక ఉన్న 1.73

మోటారును ముందు స్టార్‌లో మొదలుపెట్టి తర్వాత డెల్టాకు మార్చే స్టార్-డెల్టా స్టార్టర్‌లో, కరెంటు హద్దు దాటితే మోటారును ఆపేసే ఓవర్‌లోడ్ రిలేను ఎంత మీద పెట్టాలన్న తగాదా మళ్లీ రేగింది. ఈసారి దానికి కారణం కాలిపోయిన ఒక 15 కిలోవాట్ల మోటారు. నేమ్‌ప్లేట్ మీద 400 వోల్టులు, డెల్టా, 28 ఆంపియర్లు అని ఉంది. పాత ఎలక్ట్రీషియన్ రిలేను 16 మీద ఉంచి వెళ్లారు. తర్వాత వచ్చినవారు ప్లేటు చూసి, 16 పొరపాటున పెట్టి ఉంటారనుకుని, డయల్‌ను 28కి తిప్పారు. లోడ్ బాగా పెరిగిన రోజు రిలే కదల్లేదు, వైండింగ్ నల్లబడింది. 28 అన్నవారు తయారీదారు రాసిందే ప్రమాణమంటున్నారు. 16 అన్నవారు మాత్రం ఆ రిలే ఏ తీగలో కూర్చుందో చూశారా అని అడుగుతున్నారు.

ఈ ప్రశ్న అర్థం కావాలంటే 1889 దాకా వెళ్లాలి. ఆల్టర్నేటింగ్ కరెంటు ఎలా వచ్చింది, డీసీతో దానికి జరిగిన పోరు ఏమిటి అన్నది చాలాసార్లు చెప్పుకున్నదే. మన తగాదా పుట్టింది తీగల సంఖ్య ఆరు నుంచి మూడుకు తగ్గిన చోట.

మూడు వైండింగులకు ఆరు కొసలుంటాయి. ఆరింటికీ ఆరు తీగలు వేస్తే గందరగోళమేమీ లేదు. ఏ వైండింగ్ వోల్టేజ్ దానిది, ఏ వైండింగ్ కరెంటు దానిది. మూడు ఫేజుల జనరేటర్‌ను జర్మన్ ఇంజనీరు హాసెల్వాండర్ 1887లోనే తయారుచేశారు. బెర్లిన్‌లో ఏఈజీ సంస్థలో పనిచేసిన మిఖాయిల్ డోలివో-డోబ్రోవోల్‌స్కీ 1889 నుంచి మోటారు, ట్రాన్స్‌ఫార్మర్, లైను అన్నింటినీ కలిపి ఒకే పద్ధతిగా నిలబెట్టారు. ఫేజులు మూడూ సమానంగా, ఒకదానికొకటి 120 డిగ్రీల తేడాతో ఉంటే, ఏ క్షణంలో చూసినా మూడు కరెంట్ల మొత్తం సున్నా. వెనక్కి వెళ్లడానికి విడిగా తీగలు అక్కర్లేదు. అందుకే కొసలను ఒకదానితో ఒకటి ముడివేయొచ్చు. మూడు వైండింగుల ఒక్కో కొసను ఒకే చోట కలిపితే అది స్టార్, ఒకదాని చివరను ఇంకోదాని మొదలుకు కలుపుతూ త్రికోణంగా చేస్తే అది డెల్టా.

ఆ ముడితోనే లెక్క రెండుగా చీలింది. బయటి తీగల దగ్గర కొలిచేది ఒకటి, లోపలి వైండింగ్ అనుభవించేది ఇంకొకటి. మొదటిదాన్ని లైన్ విలువ అంటాం, రెండోదాన్ని ఫేజ్ విలువ అంటాం.

1891 ఆగస్టులో జర్మనీలోని లౌఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనకు 175 కిలోమీటర్ల దూరం విద్యుత్తును పంపినప్పుడు ఈ చీలిక అందరి కళ్లముందుకూ వచ్చింది. జనరేటర్‌ను అర్లికాన్ సంస్థ తరఫున చార్లెస్ బ్రౌన్ రూపొందించారు. దాని ఒక్కో ఫేజులో పుట్టేది సుమారు 55 వోల్టులే. స్టార్‌లో కలిపిన ఆ యంత్రంలో రెండు లైన్ల మధ్య మీటర్ పెడితే మాత్రం దాదాపు 95 వోల్టులు వస్తాయి. 110 ఎందుకు రాదన్నది న్యాయమైన సందేహమే. రెండు వైండింగులు వరసలో ఉన్నట్టే కదా మరి?

ఉన్నాయి, కానీ రెండూ ఒకేసారి శిఖరానికి చేరవు. ఒక ఫేజు తన శిఖర విలువలో 0.866 వంతు దగ్గర ప్లస్‌లో ఉన్న క్షణాన్ని పట్టుకోండి. అదే క్షణంలో రెండో ఫేజు 0.866 వంతు మైనస్‌లో ఉండి, మూడోది సరిగ్గా సున్నా దగ్గర ఉండే సమయం ఒకటి వస్తుంది. అప్పుడు మొదటి రెండింటి మధ్య తేడా 1.732 వంతులు. ఆ తేడా అంతకంటే ఎప్పుడూ పెరగదు. 3 వర్గమూలం అని మనం బట్టీపట్టే సంఖ్య ఇదే. స్టార్‌లో లైన్ వోల్టేజ్ ఫేజ్ వోల్టేజ్‌కు 1.73 రెట్లు. కరెంటు మాత్రం లైన్‌లోనూ వైండింగ్‌లోనూ ఒకటే, ఎందుకంటే దారి ఒక్కటే.

డెల్టాలో ఇదంతా తిరగబడుతుంది. ఒక్కో వైండింగ్ నేరుగా రెండు లైన్ల మధ్య ఉంటుంది కాబట్టి వోల్టేజ్ ఒకటే. ప్రతి మూలలో లైన్ తీగ రెండు వైండింగులను కలుస్తుంది కనుక, ఆ తీగలో పారేది రెండు ఫేజ్ కరెంట్ల తేడా. అది ఫేజ్ కరెంటుకు 1.73 రెట్లు. మన మోటారు నేమ్‌ప్లేట్ మీది 28 లైన్ కరెంటు. దాన్ని 1.73తో భాగిస్తే వైండింగ్‌లో పారేది 16.2 ఆంపియర్లు.

ఇప్పుడు స్టార్టర్ తలుపు తీద్దాం. అందులో కరెంటును కలిపి తెంచే స్విచ్చులే కాంటాక్టర్లు. మామూలుగా వచ్చే స్టార్-డెల్టా స్టార్టర్‌లో రిలే మెయిన్ కాంటాక్టర్ కింద ఉంటుంది. సప్లై అప్పటికే రెండు పాయలుగా చీలి, ఒకటి మెయిన్ కాంటాక్టర్ గుండా, రెండోది డెల్టా కాంటాక్టర్ గుండా మోటారుకు వెళుతుంది. అంటే రిలే చూసేది వైండింగ్ కరెంటును, లైన్ కరెంటును కాదు. అక్కడ డయల్ 28 మీద ఉంటే వైండింగ్‌లో 28 పారేదాకా రిలే ఊరుకుంటుంది. అప్పటికి లైన్‌లో 48 దాటి ఉంటుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి వైండింగ్ మూడింతల వేడిని మోయాలి. కాలిపోయిన మోటారుకు జరిగింది ఇదే.

28 అన్నవారి మాటలోనూ నిజం ఉంది. కొన్ని ప్యానెళ్లలో రిలేను సప్లై చీలకముందే, లైన్‌లో పెడతారు. అక్కడ 28 సరైనదే. ఆ చోట 16 పెడితే సగం దాటిన లోడ్‌కే ట్రిప్ అవుతుంది. విసుగొచ్చి మనుషులు డయల్‌ను కొంచెం కొంచెం పైకి తిప్పుతూ పోతారు.

అయినా రిలేను వైండింగ్ తీగల్లోనే ఉంచాలన్న పాతవాళ్ల పట్టుదలకు బలమైన కారణాలున్నాయి. 1.73 అనేది మూడు ఫేజులూ సమానంగా ఉన్నంతసేపే పనిచేసే లెక్క. తిరుగుతున్న డెల్టా మోటారుకు ఒక లైన్ తెగిందనుకుందాం. మిగిలిన రెండు లైన్ల మధ్య ఒక వైండింగ్ నేరుగా ఉంటుంది, తక్కిన రెండూ వరసగా ఉంటాయి. లైన్ కరెంటులో సుమారు మూడింట రెండు వంతులు ఆ ఒక్క వైండింగ్‌లోకే పోతాయి. లైన్‌లో 28 కనిపిస్తుంటే ఆ వైండింగ్ 18.7 మోస్తుంటుంది, మోయాల్సింది 16.2 మాత్రమే. లైన్‌లోని మామూలు రిలేకు ఇందులో తప్పేమీ కనిపించదు. వైండింగ్ తీగలో ఉన్న రిలేకు కనిపిస్తుంది.

రెండోది, డెల్టా కాంటాక్టర్ పట్టుకోక మోటారు స్టార్‌లోనే ఉండిపోయిన సందర్భం. స్టార్‌లో టార్క్ మూడో వంతుకు పడిపోతుంది కనుక, లోడ్ మోయలేక వేగం తగ్గి కరెంటు పెరుగుతుంది. స్టార్‌లో లైన్ కరెంటే వైండింగ్ కరెంటు కాబట్టి, లైన్ రిలే 28 దాకా ఆగితే వైండింగ్ కూడా 28 మోయాల్సిందే. వైండింగ్ తీగలో 16 మీద ఉన్న రిలే మోటారును అప్పుడు కూడా కాపాడుతుంది.

మీ ప్యానెల్‌లో రిలే ఎక్కడుందో తేల్చుకోవడానికి క్లాంప్ మీటర్ చాలు. మోటారు డెల్టాలోకి మారి, వేగం అందుకుని, లోడ్ నిలకడగా ఉన్నప్పుడు ముందు సప్లై తీగను, తర్వాత రిలే గుండా వెళ్లే తీగను కొలవండి. మొదటిది రెండోదానికి 1.73 రెట్లు ఉంటే రిలే ఫేజ్ కరెంటును చూస్తోంది, డయల్ 16 దగ్గర ఉండాలి. రెండూ సమానంగా ఉంటే వెంటనే 28 పెట్టకండి. రిలే లైన్‌లో ఉన్నా అలాగే కనిపిస్తుంది, మోటారు ఇంకా స్టార్‌లోనే తిరుగుతున్నా అలాగే కనిపిస్తుంది. ముందు డెల్టా కాంటాక్టర్ పట్టుకుందో లేదో చూడాలి.